పై అధికారికి చాట్‌లో సందేశం: మర్యాద ఎక్కడ పెట్టాలి, సూటిదనం ఎక్కడ పెట్టాలి

క్లుప్తంగా: తెలుగులో మర్యాద ప్రధానంగా పిలుపులోనూ క్రియ చివరా ఉంటుంది. సూటిదనం పని, గడువు, మొత్తం వంటి వివరాల్లో ఉంటుంది. వాక్యంలో వాటి చోట్లు వేరు కాబట్టి ఒకటి పెంచడానికి రెండోదాన్ని తగ్గించాల్సిన అవసరం లేదు. పై అధికారికి రాసే సందేశాలు చాలావరకు చెడేది మర్యాద తక్కువై కాదు. వివరాలు ఉండాల్సిన చోట మర్యాదను కుక్కడం వల్ల.

ఉత్తరాల కాలంలో పై అధికారికి ఎలా రాయాలో అందరికీ తెలుసు. సంబోధన, విషయం, 'కోరుతున్నాను', 'ఇట్లు', సంతకం అన్నీ ఒక చట్రంలో ఉండేవి. ఎదురుగా నిలబడి మాట్లాడేటప్పుడు గొంతు, చూపు, నిలబడే తీరు మర్యాదను మోసేవి. చాట్ ఈ రెండింటి మధ్య పడింది. ఉత్తరం చట్రం అందులో ఇమడదు, గొంతు వినిపించదు. మిత్రులకు రాసిన వేలితోనే, అదే తెర మీద, మరుక్షణం జనరల్ మేనేజర్‌కు రాయాలి. కొందరి సందేశాలు ఆదేశాల్లా, ఇంకొందరివి అర్జీల్లా తయారవుతున్నది ఇందుకే. ఈ తేడా ఎక్కడ పుడుతోందో తెలుసుకోవాలంటే ఒక సందేశాన్ని దగ్గరగా చూడాలి.

## ఒకే అవసరం, రెండు సందేశాలు

విజయవాడలో ఎలక్ట్రికల్ సామాన్లు పంపిణీ చేసే ఒక సంస్థను ఉదాహరణగా ఊహించుకుందాం. నెల 20వ తేదీ, మధ్యాహ్నం 2 గంటలు. నెలవారీగా జీఎస్టీ రిటర్న్ వేసే సంస్థలకు జీఎస్‌టీఆర్-3బి గడువు ఆ రోజే. అకౌంట్స్ ఉద్యోగి బ్యాంకు పోర్టల్‌లో ₹3,65,000 చెల్లింపును నమోదు చేశారు. జనరల్ మేనేజర్ తన లాగిన్‌లో ఆమోదిస్తే తప్ప డబ్బు కదలదు. ఆయన ప్రయాణంలో ఉన్నారు. ఉద్యోగి ముందుగా చాట్‌లో రాస్తున్నారు.

మొదటి రకం సందేశం ఇలా ఉంటుంది:

> సర్, జీఎస్టీ పేమెంట్ మీరు ఇంకా అప్రూవ్ చేయలేదు. ఇవాళే లాస్ట్ డేట్. త్వరగా చేయండి.

రెండో రకం ఇలా ఉంటుంది:

> నమస్తే సర్. మీరు బిజీగా ఉంటారని తెలుసు, ఇబ్బంది పెడుతున్నందుకు క్షమించండి. జీఎస్టీ విషయం మీరు వీలు చూసుకుని ఒకసారి చూస్తే బాగుంటుందేమో అనిపించింది సర్. మీ ఇష్టం సర్.

మొదటిదానిలో విషయం ఉంది. 'చేయండి' అన్న గౌరవ రూపం కూడా ఉంది. అయినా చదివేవారికి గుచ్చుకుంటుంది. రెండోదానిలో మర్యాదకు లోటు లేదు గానీ అడుగుతున్నది ఏమిటో, ఎప్పటిలోగానో, ఎంత మొత్తమో లేదు. కారులో కూర్చుని దాన్ని చదివిన మేనేజర్ 'సాయంత్రం ఆఫీసుకు వెళ్లి చూద్దాం' అనుకుంటే ఆయన తప్పేమీ లేదు. సందేశం ఆయనకు చెప్పింది అంతే.

రెండో సందేశం రాసినవారు సాధారణంగా తమ మర్యాద చాలలేదేమో అనుకుంటారు. సాయంత్రానికి ఇంకో 'సర్' చేర్చి మళ్లీ పంపుతారు. లోపం అక్కడ లేదు.

## అణకువ వేరు, అస్పష్టత వేరు

మర్యాద మీద భాషాశాస్త్రంలో ఎక్కువగా చర్చకు వచ్చే సిద్ధాంతం పెనెలోప్ బ్రౌన్, స్టీఫెన్ లెవిన్సన్ 1978లో ప్రతిపాదించింది. వారు పరిశీలించిన భాషల్లో మనకు దగ్గరి చుట్టమైన తమిళం కూడా ఉంది. వారి లెక్కలో ఒక మాట ఎదుటివారిని ఎంత ఇబ్బంది పెడుతుందన్నది మూడింటి మీద ఆధారపడుతుంది. ఇద్దరి మధ్య దూరం ఎంత, ఎదుటివారికి తన మీద అధికారం ఎంత, అడుగుతున్న పని ఎంత పెద్దది? ఈ మూడూ పెరిగేకొద్దీ మనిషి చుట్టు తిప్పి మాట్లాడతాడన్నది వారి వాదన.

పై ఉదాహరణకు దీన్ని అన్వయిస్తే ఒక చిక్కు బయటపడుతుంది. అధికారం ఎక్కువే, దూరం ఎక్కువే. కానీ అడుగుతున్న పని చాలా చిన్నది. ఫోనులో రెండు నిమిషాల పని, అదీ మేనేజర్ బాధ్యతల్లోదే. రెండో సందేశం రాసినవారు హోదాను చూసి అణిగారు, పని పరిమాణాన్ని చూడలేదు. సొంత అవసరానికి అప్పు అడిగేటప్పుడు వాడే భాషను, సంస్థ పనికి ఆమోదం అడగడానికి వాడారు. సంస్థ పని అడగడం ఉపకారం కోరడం కాదు. ఈ ఒక్క తేడా గుర్తుంటే 'క్షమించండి', 'ఇబ్బంది పెడుతున్నాను' వంటివి సగం రాలిపోతాయి.

ఇంకో ముఖ్యమైన పరిశీలన షోషానా బ్లమ్-కుల్కా 1987లో ప్రచురించింది. హీబ్రూ, ఇంగ్లీషు మాట్లాడేవారికి రకరకాల అభ్యర్థనలు చూపించి, ఏది ఎంత పరోక్షంగా ఉంది, ఏది ఎంత మర్యాదగా ఉంది అని విడివిడిగా అడిగారు. అన్నింటికన్నా పరోక్షమైనవి సూచనప్రాయమైన మాటలే. అయితే మర్యాదలో మొదటి స్థానం వాటికి దక్కలేదు. ఏం కావాలో తెలిసిపోతూ, ప్రశ్న రూపంలో ఉన్న అభ్యర్థనలకు దక్కింది. అర్థం వెతుక్కునే శ్రమ ఎదుటివారి మీద పడితే మర్యాద తగ్గినట్టేనని ఆమె వివరించారు. తెలుగు మీద చేసిన పరిశీలన కాకపోయినా, రోజుకు వందల సందేశాలు చూసే అధికారి విషయంలో ఈ మాట భాషాభేదం లేకుండా వర్తిస్తుంది. డొంకతిరుగుడు సందేశం పంపినవారికి వినయంగా తోస్తుంది. అందుకున్నవారికి అదొక చిక్కుముడి.

## క్రియ చివర ఏముంది

తెలుగులో మర్యాదను చూపించే గట్టి సాధనం క్రియ చివరే ఉంది. 'పంపు' అన్న ఒక్క క్రియ తీసుకుంటే చాట్‌లో ఎదురయ్యే రూపాలు ఇవి: పంపండి, పంపిస్తారా, పంపగలరా, పంపగలరు, పంపితే... వీటి మధ్య తేడా నిచ్చెన మెట్లలా పైకి కిందికి ఉన్నది కాదు. ఒక్కోటి ఒక్కో పని చేస్తుంది.

'పంపండి' గౌరవ రూపమే, కానీ వ్యాకరణంలో విధి. ఎదురుగా ఉన్నప్పుడు మెత్తని గొంతు దాన్ని అభ్యర్థనగా మారుస్తుంది. తెర మీద గొంతు లేదు కాబట్టి ఆదేశమే మిగులుతుంది. పక్కన 'త్వరగా' చేరితే ఆదేశం గట్టిపడుతుంది. అయితే 'దారిలో ఉన్నారా? చేరాక పంపండి సర్' అన్నప్పుడు అదే 'పంపండి' ఏమాత్రం నొప్పించదు. ఎదుటివారి వీలు ముందే ఒప్పుకున్నాం కాబట్టి.

'పంపిస్తారా' ప్రశ్న. ఒప్పుకోవడానికీ కాదనడానికీ తలుపు తెరిచి ఉంటుంది. అడుగుతున్నది మాత్రం స్పష్టమే. చాట్‌లో పై అధికారికి అన్నివేళలా నప్పే రూపం ఇదే. 'పంపగలరా' కూడా ఈ కోవదే, కాస్త దూరం పాటిస్తుంది. తొలిసారి రాస్తున్నప్పుడు, లేదా వేరే విభాగం అధిపతికి రాస్తున్నప్పుడు సరిపోతుంది.

'పంపగలరు' చూడటానికి మరీ మర్యాదగా ఉంటుంది. అది సర్క్యులర్ భాష, ఆహ్వాన పత్రికల భాష. 'సకాలంలో హాజరు కాగలరు' అన్నట్టు. వాక్యంలో ప్రశ్న లేదు కాబట్టి జవాబు చెప్పే చోటు లేదు. నలుగురికీ ఒకేసారి పంపే ప్రకటనలో బాగుంటుంది. ఒకే మనిషికి పంపే చాట్‌లో పెడితే ఆఫీసు నోటీసు అంటించినట్టు ఉంటుంది. 'పంపవలసిందిగా ప్రార్థన' దీనికన్నా పాతది, అర్జీలకే పరిమితం చేయడం మేలు.

ఇక 'మీరు ఒకసారి చూస్తే...' అని మధ్యలో వదిలేసే వాక్యం. మాట్లాడే తెలుగులో ఇది అందమైన పద్ధతి. సగం మనం చెబుతాం, మిగతా సగం ఎదుటివారు 'చూస్తానులే' అంటూ పూర్తి చేస్తారు. ఇద్దరూ అక్కడే ఉండబట్టి అది నడుస్తుంది. చాట్‌లో ఆ రెండో సగం పూర్తి చేయడానికి ఎవరూ లేరు. వాక్యం గాలిలో వేలాడుతుంది, పని కూడా.

క్రియ చివర ఇంత మర్యాద చేరాక వాక్యం నిండా మళ్లీ మెత్తని మాటలు పరచనక్కర్లేదు. 'కాస్త', 'ఒకసారి', 'వీలైతే' లలో ఒకటి చాలు. పైగా వాటికీ అర్థం ఉంది. గడువు ఉన్న పనికి 'వీలైతే' అని రాస్తే గడువు లేదని చెప్పినట్టే. రెండు గంటలు పట్టే ఫైలును 'కాస్త చూడండి' అంటే పని చిన్నదని నమ్మించినట్టే. తెరిచాక సంగతి తెలిసిన అధికారికి ఆ 'కాస్త' మర్యాదగా గుర్తుండదు.

పిలుపు విషయంలో చెప్పాల్సింది తక్కువ. ఆఫీసులో అందరూ నోటితో ఎలా పిలుస్తారో చాట్‌లోనూ అలాగే. సర్, మేడమ్, పేరుకు గారు, ఏదైనా ఒకటి, ఒకసారి. 'సర్ గారు' రెట్టింపు మర్యాద అవదు. ప్రతి వాక్యం చివరా 'సర్' పెడితే చదివేవారి కన్ను విషయాన్ని వదిలి వాటినే లెక్కపెడుతుంది.

'మీ ఇష్టం సర్' గురించి మాత్రం ఆగి చెప్పాలి. రాసేవారు దీన్ని నిర్ణయం మీదే అన్న గౌరవంతో రాస్తారు. తెలుగులో ఈ మాటకు ఇంకో ముఖం ఉంది. అలిగినవారు, చేతులు దులుపుకునేవారు అనే మాట కూడా ఇదే. గొంతు లేని చోట ఆ రెండో ముఖమే ముందు కనిపించే ప్రమాదం ఉంది. 'ఈ రెండింటిలో ఏది చేయమంటారు?' అన్న ప్రశ్న అదే గౌరవాన్ని ఇస్తుంది, నిర్ణయానికి దారి కూడా చూపిస్తుంది.

## జరిగినదానికి కర్త వద్దు, జరగాల్సినదానికి కావాలి

మొదటి సందేశం ఎక్కడ గుచ్చుకుంటుందో ఇప్పుడు చూడవచ్చు. 'చేయండి' కన్నా ముందే, 'మీరు ఇంకా అప్రూవ్ చేయలేదు' దగ్గరే నొప్పి మొదలైంది. 'మీరు' కర్త, 'చేయలేదు' క్రియ, మధ్యలో 'ఇంకా'. మూడూ కలిసి నింద అయ్యాయి.

దీనికి తెలుగు ఒక సులువైన దారి ఇస్తుంది. మన క్రియల్లో ఎన్నో జంటలుగా ఉంటాయి. ఒకటి చేసినవారిని చూపిస్తుంది, రెండోది జరిగినదాన్ని మాత్రమే చూపిస్తుంది. ఆపారు, ఆగింది. మార్చారు, మారింది. మర్చిపోయారు, మరుగున పడింది. అలాగే 'మీరు పంపలేదు' అనవచ్చు, 'నాకు అందలేదు' అనవచ్చు. సమాచారం ఒకటే. రెండో వాక్యంలో వేలు ఎవరి వైపూ చూపించడం లేదు. 'మీరు అప్రూవ్ చేయలేదు' బదులు 'చెల్లింపు ఆమోదం దగ్గర ఆగి ఉంది' అంటే పరిస్థితి ఉన్నదున్నట్టు తెలుస్తుంది, నింద పోతుంది.

ఈ దారి పట్టినవారు ఇంకో గోతిలో పడటం కూడా కనిపిస్తుంది. జరిగినదాంట్లో కర్తను తీసేసిన ఊపులో, జరగాల్సినదాంట్లోనూ తీసేస్తారు. 'ఆమోదం జరిగితే బాగుంటుంది', 'చెల్లింపు పూర్తి కావాల్సి ఉంది' అని రాస్తారు. ఎవరు ఆమోదించాలి? బ్యాంకా, ఆడిటరా, మేనేజరా? సందేశం చూసిన మేనేజర్ 'ఎవరో చూస్తున్నారు కాబోలు' అనుకుంటారు. గ్రూపులో పెట్టిన సందేశమైతే ప్రతి ఒక్కరూ అలాగే అనుకుంటారు.

అందువల్ల కాలాన్ని బట్టి విభజించుకోవడం ఉత్తమం. గతం గురించిన వాక్యంలో పరిస్థితే కర్త. రాబోయే పని గురించిన వాక్యంలో మనిషే కర్త. 'చెల్లింపు ఆమోదం దగ్గర ఆగి ఉంది. మీరు సాయంత్రం 5 లోపు ఆమోదిస్తారా?' మొదటి వాక్యం ఎవరినీ అనదు, రెండోది ఎవరినీ వదలదు.

ఇక్కడే తెలుగుకున్న 'మనం' పనికొస్తుంది. ఎదుటివారిని కలుపుకునే 'మనం', కలుపుకోని 'మేము' అని మనకు రెండు మాటలు ఉన్నాయి. 'ఈ రోజు మనం రిటర్న్ వేయాలి' అంటే ఉద్యోగి, మేనేజర్ ఒకే వైపు నిలబడి గడువును ఎదుర్కొంటున్నట్టు ఉంటుంది. 'మేము రిటర్న్ వేయాలి, మీరు ఆమోదించాలి' అంటే మధ్యలో గోడ లేస్తుంది. అయితే ఆ ఒక్కరే చేయగల పనికి 'మనం' వాడటం తగదు. 'మనం ఆమోదించాలి' అంటే చిన్నపిల్లలతో మాట్లాడినట్టు ఉంటుంది.

## క్రియ చివర, కన్ను మొదట

తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది. అడగాలనుకున్నది క్రియలో ఉంటుంది కాబట్టి అదీ చివరే వస్తుంది. కారణాలను 'అందువల్ల', 'కాబట్టి' లతో కలుపుకుంటూ పోతే అడగాల్సిన మాట ఇంకా వెనక్కి పోతుంది. ఉత్తరంలో ఇది ఇబ్బంది కాదు. ఉత్తరాన్ని మొత్తం చదువుతారు. ఫోను తెర మీద నోటిఫికేషన్‌లో కనిపించేది మొదటి ఒకటి రెండు వరుసలే. అక్కడ 'నమస్తే సర్. మీరు బిజీగా ఉంటారని తెలుసు' అని ఉంటే మేనేజర్‌కు కనిపించింది అంతే.

విరుగుడు వ్యాకరణంలో కాదు, విరామంలో ఉంది. ఒక పొడవైన వాక్యాన్ని రెండు మూడు చిన్న వాక్యాలుగా విరిచి, అడిగే వాక్యాన్ని ముందుకు తేవాలి. కారణం వెనక రావచ్చు. అమెరికా సైన్యంలో అధికారిక రాతలకు ఇదే సూత్రంగా పెట్టుకున్నారు, తేల్చి చెప్పాల్సింది మొదటి వరుసలోనే ఉండాలని. తెలుగు పలకరింపు సంప్రదాయానికి ఇది కాస్త ఎదురు. మనం కుశలం అడిగి, కూర్చుని, తర్వాత పనిలోకి దిగుతాం. అందుకని పలకరింపును తీసేయనక్కర్లేదు. 'నమస్తే సర్' అన్నది అదే సందేశంలో, అదే వరుసలో ఉంటే చాలు. 'నమస్తే సర్' ఒక్కటే పంపి, అటునుంచి జవాబు వచ్చాకే అసలు సంగతి చెప్పడం మాత్రం ఎదుటివారిని వాకిట్లో నిలబెట్టడమే. ఏ పనో తెలియకుండా ఫోను పట్టుకుని ఎదురుచూడాల్సింది పై అధికారి.

## ఆ సందేశాన్ని తిరగరాస్తే

> నమస్తే సర్. జీఎస్టీ చెల్లింపు ₹3,65,000 ఈ రోజు 5 గంటల లోపు ఆమోదిస్తారా?
>
> బ్యాంకు పోర్టల్‌లో మీ ఆమోదం దగ్గర ఆగి ఉంది. గడువు ఈ రోజే. డబ్బు జమ అయ్యాక రిటర్న్ వేయడానికి నాకు గంట పడుతుంది.
>
> రేపటికి వెళితే రోజుకు సుమారు ₹230 పడుతుంది. లాగిన్ వీలుకాకపోతే చెప్పండి, వచ్చి కలుస్తాను.

దీనిలో మర్యాద పదాలు లెక్కిస్తే రెండో సందేశం కన్నా తక్కువే. 'క్షమించండి' లేదు, 'మీ ఇష్టం' లేదు, 'సర్' ఒక్కసారే ఉంది. అయినా పై అధికారిని గౌరవించే పనులు ఇందులో ఎక్కువ జరిగాయి.

మొదటి వరుసలోనే ఏమిటి, ఎంత, ఎప్పటిలోగా, ఎవరు అన్నవి ఉన్నాయి. ఫోను తెరవకుండానే సంగతి తెలుస్తుంది. 5 గంటలు ఎందుకంటే, ముందు డబ్బు జీఎస్టీ పోర్టల్‌లోని నగదు ఖాతాలో జమ కావాలి, ఆ తర్వాతే రిటర్న్ వేయగలరు. చట్టం పెట్టిన గడువు వేరు, ఉద్యోగికి కావాల్సిన గడువు వేరు. రెండింటినీ విడదీసి చెప్పకపోతే మేనేజర్ 'అర్ధరాత్రి దాకా ఉంది కదా' అని న్యాయంగానే అనుకుంటారు. 'అర్జంట్' అన్న మాట ఆ తేడా చెప్పలేదు, గంట చెబుతుంది.

₹230 అన్న అంకె సంగతి ఇది. ఆలస్యంగా కట్టిన పన్ను మీద ఏడాదికి 18 శాతం వడ్డీ పడుతుంది. ₹3,65,000 మీద అది రోజుకు ₹180. రిటర్న్ ఆలస్యానికి రోజుకు ₹50 రుసుము దానికి తోడు. ఇది చిన్న మొత్తమే, సంస్థ కుప్పకూలేది కాదు. ఆ చిన్నతనాన్ని దాచకపోవడమే ఇక్కడ మర్యాద. 'భారీ పెనాల్టీ పడుతుంది సర్' అని భయపెట్టి పని చేయించుకుంటే ఈసారికి జరుగుతుంది. అసలు అంకె తెలిసిన నాడు తర్వాతి సందేశాలన్నింటి విలువ పడిపోతుంది. అంకె చెప్పి నిర్ణయం ఆయనకే వదిలేయడం 'మీ ఇష్టం' అన్న మాట చేయాలనుకున్న పనే. ఇది ఆ పనిని సరిగ్గా చేస్తుంది.

చివరి వాక్యం ఆయనకు ఎదురుకాగల అడ్డంకిని ముందే ఊహించి దారి చూపిస్తోంది. అక్కడ 'చెప్పండి' విధి రూపమే, కానీ ఆయన మేలు కోసం వచ్చింది కాబట్టి ఆదేశంలా వినిపించదు.

## జవాబు రాకపోతే

సాయంత్రం 4 అయింది, జవాబు లేదు. మళ్లీ రాయక తప్పదు. ఇక్కడ ఒక్క మాట తేడాతో సందేశం స్వభావం మారిపోతుంది. 'చూశారా?' మామూలు ప్రశ్న. 'చూడలేదా?' నిలదీత. 'ఇంకా చూడలేదా?' కోపం. 'చెప్పాను కదా సర్' మరీ ప్రమాదకరం. 'కదా' మనవాళ్ల మధ్య చనువును, పై వారి దగ్గర దెప్పిపొడుపును మోస్తుంది. రెండు ప్రశ్నార్థకాలు వరుసగా పెట్టినా అదే ఫలితం.

రెండో సందేశం మొదటిదాన్ని తిరిగి పంపడం కాకుండా, మారినది ఏమిటో చెబితే దానికొక కారణం ఉంటుంది. 'సర్, చెల్లింపు ఇంకా ఆగే ఉంది. 5 దాటితే ఈ రోజు రిటర్న్ వేయడం కష్టమవుతుంది. ఇప్పుడు ఫోను చేయవచ్చా?' ఇందులో కొత్తది ఫోను. చాట్ పనిచేయనప్పుడు గొంతు పెంచడం కన్నా మార్గం మార్చడం మేలని ఈ ప్రశ్న ఒప్పుకుంటోంది. అప్పటికీ జవాబు లేకపోతే ఫోను చేయడమే పద్ధతి. గడువు ఉన్న సంస్థ పనికి ఒకసారి ఫోను చేయడాన్ని మర్యాదలేమి అనుకునే అధికారులు అరుదు. ఆ ఫోను చేయనందుకు తర్వాత అడిగేవారే ఎక్కువ.

## ఇంగ్లీషులో రాయాల్సి వచ్చినప్పుడు

హైదరాబాద్, బెంగళూరు ఐటీ సంస్థల్లోనూ విదేశాల్లోనూ పనిచేసే తెలుగువారు పై అధికారికి రాసేది ఎక్కువగా ఇంగ్లీషులో. అక్కడ ఇబ్బంది ఎటునుంచి వస్తుందంటే, ఇంగ్లీషు క్రియకు '-అండి' లేదు, 'నువ్వు', 'మీరు' తేడా లేదు. తెలుగులో క్రియ చివర ఒక్క అక్షరంతో తీరిపోయే మర్యాదకు ఇంగ్లీషులో చోటు దొరకక, మనవాళ్లు దాన్ని వాక్యం ముందు 'సర్', 'కైండ్లీ', 'ప్లీజ్' లుగా పేరుస్తారు. కింద మిగిలిన క్రియ మాత్రం ఆజ్ఞగానే ఉంటుంది. పేరు పెట్టి పిలుచుకునే సంస్థలో ఈ కలయిక వింతగా తోస్తుంది. ఇంగ్లీషులో ఆ మర్యాదను మోసేది ప్రశ్న రూపమే. తెలుగులో 'ఆమోదిస్తారా' చేసే పనిని అక్కడా ప్రశ్నే చేస్తుంది. కాబట్టి తెలుగులో 'చేయండి' నుంచి 'చేస్తారా'కు మారడం అలవాటైనవారికి ఇంగ్లీషులో కూడా సగం పని తేలికవుతుంది.

## పై అధికారి తప్పును చెప్పాల్సి వస్తే

అన్నింటికన్నా కష్టమైన సందేశం ఇది. అడగడంలో తడబడితే పని ఆలస్యమవుతుంది. తప్పు చెప్పడంలో తడబడితే తప్పు ముందుకు వెళ్లిపోతుంది.

దీని గురించి అందరికన్నా లోతుగా ఆలోచించింది విమానయాన రంగం. 1982 జనవరి 13న వాషింగ్టన్‌లో మంచు కురుస్తుండగా ఎయిర్ ఫ్లోరిడా 90వ నంబరు విమానం బయల్దేరింది. ఇంజన్ల మంచు నివారణ వ్యవస్థ ఆన్ చేయకపోవడంతో పరికరాలు అసలున్న శక్తి కన్నా ఎక్కువ చూపించాయి. రన్‌వే మీద వేగం అందుకుంటున్నప్పుడు కో-పైలట్‌కు అంకెలు సరిగ్గా లేవనిపించింది. 'ఇది సరిగ్గా లేనట్టుంది కదా' అన్న ధోరణిలో ఆయన ఒకటికి రెండుసార్లు అన్నారు. ఆపుదామని మాత్రం అనలేదు. కెప్టెన్ బాగానే ఉందన్నారు. విమానం పైకి లేచిన కొద్ది క్షణాలకే వంతెనను ఢీకొని పొటోమాక్ నదిలో పడింది. 78 మంది చనిపోయారు. విమాన ప్రమాదాల సంభాషణలను విశ్లేషించిన షార్లట్ లిండ్ 1988లో ప్రచురించిన పరిశోధనలో, కింది స్థాయివారు పై వారితో మాట్లాడేటప్పుడు మాటను ఎక్కువగా మెత్తబరుస్తారని, అలా మెత్తబడిన మాటలు నెగ్గకుండా పోయే అవకాశం ఎక్కువని చూపించారు.

ఆ రంగంలో శిక్షణగా రూపుదిద్దుకున్న క్రమం ఇలా సాగుతుంది. పిలువు, ఆందోళన చెప్పు, కనిపిస్తున్నది చెప్పు, ఏం చేద్దామో చెప్పు, ఒప్పుకోలు అడుగు. ఇందులో పిలుపులోనూ ఒప్పుకోలు అడగడంలోనూ గౌరవం ఉంది. మధ్యలో మెత్తబరచడం లేదు. ఆఫీసు చాట్‌కు ఇది యథాతథంగా సరిపోతుంది.

మేనేజర్ ఒక పెద్ద కొనుగోలుదారుకు కొటేషన్ తయారు చేశారని, దానిలో కేబుల్ చుట్ట ధర ₹1,840 బదులు ₹1,480 పడిందని అనుకుందాం. 'సర్, ధర ఒకసారి సరిచూసుకుంటే మంచిదేమో' అన్నది కో-పైలట్ మాటే. ఏ ధరో, ఎందుకో అందులో లేదు. 'సర్, మీరు ధర తప్పు వేశారు' అన్నది నింద. ఇలా రాయవచ్చు:

> సర్, కొటేషన్ పంపే ముందు ఒక్క నిమిషం. అందులో కేబుల్ చుట్ట ధర ₹1,480 అని ఉంది, ఈ నెల ధరల జాబితాలో ₹1,840 ఉంది. 200 చుట్టల మీద తేడా ₹72,000. ₹1,840గా మార్చి మీకు తిరిగి పంపనా?

రెండు అంకెలు పక్కపక్కన ఉన్నాయి. తప్పు అన్న మాట ఎక్కడా లేదు, కానీ తప్పు కనిపించకుండా పోయే అవకాశమూ లేదు. ఒకవేళ ఆయన ఆ కొనుగోలుదారుకు కావాలనే ధర తగ్గించి ఉంటే ఆ మాట చెప్పడానికి చివరి ప్రశ్నలో చోటుంది. ఈ సందేశాన్ని నలుగురూ ఉన్న గ్రూపులో కాకుండా ఆయనకు మాత్రమే పంపాలి. అదే మాట గ్రూపులో పెడితే, ఎన్ని 'సర్'లు చేర్చినా, చదివిన ప్రతివారికీ అది దిద్దుబాటుగానే కనిపిస్తుంది.

జీతం, సెలవు తిరస్కరణ, తోటి ఉద్యోగి మీద ఫిర్యాదు వంటివి ఎంత బాగా రాసినా చాట్‌లో ఇమడవు. అక్కడ చాట్ చేయగలిగిన పని ఒక్కటే, సమయం అడగడం: 'సర్, నా పని విభజన గురించి మీతో పదిహేను నిమిషాలు మాట్లాడాలి. రేపు ఉదయం 11కి వీలవుతుందా?' విషయం ఏమిటో ఒక్క మాటలో చెప్పడం ఇక్కడ తప్పనిసరి. 'మీతో ఒక విషయం మాట్లాడాలి సర్' అని ఊరుకుంటే అటువైపున్న మనిషి రాత్రంతా రాజీనామా అనే అనుకుంటారు.